గుణకం పెద్దదైతే ప్రభావం కూడా పెద్దదేనా? రొయ్యల చెరువు లెక్కతో బీటా తీసే పద్ధతి

"సార్, డీవో గుణకం 0.6 వచ్చింది, పిల్ల గుణకం 0.06 వచ్చింది. డీవో పది రెట్లు ముఖ్యమని రాసేయొచ్చా?"

డీవో అంటే చెరువు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, పిల్ల అంటే చెరువులో వదిలే రొయ్య పిల్ల. గుణకం అంటే అవి ఒక్కో యూనిట్ పెరిగితే దిగుబడి ఎంత మారుతుందో రిగ్రెషన్ ఇచ్చే అంకె. రొయ్యల చెరువుల మీద ప్రాజెక్టు రాసే విద్యార్థుల దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పడం, వాళ్లు సగం రాసుకోవడం, మళ్లీ ఫోన్ చేయడం. అందుకే ఒక్కసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నెల్లూరు, ప్రకాశం తీరంలో మనకు బాగా తెలిసిన లెక్క కాబట్టి చెరువుతోనే చెప్తాను. మీది పొగాకైనా వరైనా పద్ధతి మారదు.

పై ప్రశ్నకు జవాబు: రాయకూడదు. 0.6 అంటే డీవో లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగితే వచ్చే తేడా. 0.06 అంటే చదరపు మీటరుకు ఒక్క పిల్ల అదనంగా వేస్తే వచ్చే తేడా. చెరువులో డీవో ఒక మిల్లీగ్రాము పెంచడమంటే పెద్ద పని. ఒక పిల్ల పెంచడం ఒక లెక్కే కాదు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడం మూరని, శేరుని పోల్చడం లాంటిది. రెండింటినీ ఒకే బద్ద మీద పోల్చడానికి వీలుగా మార్చిన గుణకమే బీటా.

## కావలసినవి

మీ అసలు డేటా, అంటే చెరువుకో వరుస ఉన్న షీటు. ఎవరో అచ్చు వేసిన గుణకాల పట్టిక మాత్రమే చేతిలో ఉండి, అందులో ఎస్‌డీలు లేకపోతే ఈ పని జరగదు. ఎక్సెల్ చాలు, ఆర్ ఉంటే ఇంకా తేలిక. ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు చుట్టూ ఎంత దూరం పరుచుకున్నాయో చెప్పే కొలత. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

అభ్యాసానికి ఈ 8 చెరువులు తీసుకోండి. ఇవి ఎవరి చెరువులూ కావు. చేత్తో లెక్క సరిచూసుకోవడానికి వీలుగా నేను కూర్చిన అంకెలు.

| చెరువు | పిల్ల (చ.మీ.కి) | ఉదయం డీవో (మి.గ్రా./లీ.) | దిగుబడి (టన్ను/ఎకరా) |
|---|---|---|---|
| 1 | 30 | 5.4 | 2.72 |
| 2 | 35 | 4.3 | 2.12 |
| 3 | 40 | 4.9 | 3.34 |
| 4 | 45 | 5.1 | 3.04 |
| 5 | 45 | 4.0 | 2.38 |
| 6 | 50 | 3.7 | 3.22 |
| 7 | 55 | 4.0 | 3.14 |
| 8 | 60 | 4.6 | 4.04 |

పిల్ల 60 దగ్గర ఆపడానికి కారణం ఉంది. వెనామీ రొయ్యకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2009లో పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 60. డీవో తెల్లవారుజామున తీసినదే అయ్యుండాలి. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ ఖర్చవుతూ వచ్చి, అప్పటికి అడుగంటి ఉంటుంది. మధ్యాహ్నం తీసిన డీవోను ఇందులో కలిపారంటే మీరు చెరువును కాదు, గడియారాన్ని కొలిచినట్టు.

## దశ 1: మామూలు రిగ్రెషన్ వేయండి, యూనిట్లు పక్కన రాసుకోండి

ఆర్ లో:

```r
d <- data.frame(
  pilla = c(30,35,40,45,45,50,55,60),
  DO = c(5.4,4.3,4.9,5.1,4.0,3.7,4.0,4.6),
  digubadi = c(2.72,2.12,3.34,3.04,
               2.38,3.22,3.14,4.04))
m <- lm(digubadi ~ pilla + DO, data = d)
summary(m)
```

పిల్ల గుణకం 0.06, డీవో గుణకం 0.60, ఇంటర్‌సెప్ట్ −2.40 రావాలి. R² 0.765. ఇవి రాలేదంటే ఎక్కడో టైపు తప్పు పడింది. సరిచేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఎక్సెల్ వాడేవాళ్లు పిల్లను B కాలమ్‌లో, డీవోను C లో, దిగుబడిని D లో పెట్టి `=LINEST(D2:D9,B2:C9)` వేయండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. `LINEST` గుణకాలను తిరగేసి ఇస్తుంది: చివరి కాలమ్‌ది మొదట, మొదటి కాలమ్‌ది తర్వాత, ఇంటర్‌సెప్ట్ ఆఖర్న. మొదటి గడిలో 0.60 కనిపిస్తే అది డీవోది, పిల్లది కాదు. ఈ పొరపాటుతో మొత్తం అధ్యాయం రాసుకొచ్చిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. పాపం, సైన్లు రెండూ ప్లస్సే కావడంతో అనుమానం రాలేదు.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. మన రైతులు చదరపు మీటరు లెక్క మాట్లాడరు, "ఎకరాకు లక్షన్నర వేశా, రెండు లక్షలు వేశా" అంటారు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరాకు లక్ష పిల్ల వేస్తే చదరపు మీటరుకు సుమారు 25. పిల్ల కాలమ్‌ను 0.04047 తో గుణించి "లక్ష/ఎకరా" చేసి, అదే రిగ్రెషన్ మళ్లీ వేయండి. పిల్ల గుణకం 1.48 అవుతుంది, డీవోది 0.60 గానే ఉంటుంది. నిన్నటిదాకా పదో వంతు ఉన్న పిల్ల ఇవాళ డీవోకి రెండున్నర రెట్లు అయింది. చెరువు అదే, రొయ్య అదే, మారింది యూనిట్ ఒక్కటే.

ఈ ప్రయోగం చేయకుండా ముందుకు వెళ్లొద్దు. మొత్తం విషయంలో అర్థం కావలసింది ఇదే.

## దశ 2: ఎస్‌డీలు తీయండి, కానీ మోడల్ వాడిన వరుసల నుంచే

మన పట్టికలో పిల్ల ఎస్‌డీ సరిగ్గా 10, డీవో ఎస్‌డీ 0.6, దిగుబడి ఎస్‌డీ 0.598. ఎక్సెల్‌లో `STDEV.S` వాడండి. మూడింటికీ అదే వాడాలి. ఒకదానికి `STDEV.S`, ఇంకోదానికి `STDEV.P` పడితే 8 చెరువుల డేటాలో జవాబు సుమారు 7 శాతం తప్పుతుంది. మరీ ఎబ్బెట్టుగా కనిపించేంత తేడా కాదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

ఇంతకంటే ప్రమాదమైనది ఖాళీ గడి. 40 చెరువుల షీటులో ఆరింటికి డీవో రాయలేదనుకోండి. ఆర్ ఆ ఆరు వరుసల్నీ పక్కన పెట్టి 34 తో మోడల్ వేస్తుంది. మీరు మాత్రం పిల్ల ఎస్‌డీని 40 వరుసల మీద తీస్తారు. గుణకం ఒక గుంపుది, ఎస్‌డీ ఇంకో గుంపుది. నేనే ఒకసారి ఇలా చేసి, తర్వాత దశ 4 లో లెక్క కలవక సాయంత్రం దాకా తల పట్టుకున్నాను. అందుకే కింద కోడ్‌లో `model.frame` పెట్టాను. మోడల్ నిజంగా వాడిన వరుసల్ని మాత్రమే అది ఇస్తుంది.

## దశ 3: గుణించి, భాగించండి

బీటా = గుణకం × (ఆ కారకం ఎస్‌డీ) ÷ (దిగుబడి ఎస్‌డీ)

పిల్ల: 0.06 × 10 ÷ 0.598 = 1.00
డీవో: 0.60 × 0.6 ÷ 0.598 = 0.60

```r
mf <- model.frame(m)
coef(m)[-1] * sapply(mf[-1], sd) / sd(mf[[1]])
```

ఎక్సెల్‌లో పిల్ల బీటాకు:

```
=INDEX(LINEST(D2:D9,B2:C9),1,2)*STDEV.S(B2:B9)/STDEV.S(D2:D9)
```

చివర్న 2 అని ఉండటం చూడండి. డీవోకు అక్కడ 1 వస్తుంది, మొదటి `STDEV.S` లో ఉన్న B లు C లు అవుతాయి. `LINEST` తిరగేసి ఇస్తుందని మర్చిపోయి 1, 2 తారుమారు చేస్తే పిల్ల బీటా 10 దాటుతుంది. బీటా రెండంకెల్లోకి పోయిందంటే మొదట ఇక్కడే వెతకండి.

చదివే తీరు ఇది: డీవో అలాగే ఉండగా, పిల్ల ఒక ఎస్‌డీ (10) పెరిగితే దిగుబడి దాదాపు ఒక ఎస్‌డీ (0.6 టన్ను) పెరుగుతుంది. పిల్ల అలాగే ఉండగా, డీవో ఒక ఎస్‌డీ (0.6 మి.గ్రా.) పెరిగితే దిగుబడి 0.6 ఎస్‌డీ (0.36 టన్ను) పెరుగుతుంది. మొదట్లో పదో వంతుగా కనిపించిన పిల్లే ఈ డేటాలో ముందుంది. దశ 1 లో చేసిన లక్ష/ఎకరా యూనిట్‌తో తీసినా బీటాలు ఇవే వస్తాయి. తీసి చూడండి.

పిల్ల బీటాను మూడో దశాంశం దాకా తీస్తే 1.003. "సార్, ఒకటి దాటింది, తప్పు కదా?" అని అడుగుతారు. తప్పు కాదు. బీటా అంటే కోరిలేషన్ కాదు, దానికి ఒకటి దగ్గర గోడ లేదు. కారకాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు దాటుతుంది. ఇక్కడ పిల్లకు, డీవోకు మధ్య కోరిలేషన్ −0.5 ఉంది. పిల్ల ఎక్కువైన చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, అది మనకు తెలిసిందే. అయితే బీటా 1.5, 2 దాకా పోయి, దాని జంట కారకం బీటా మైనస్‌లోకి పోతే ఆగండి. రెండు కాలమ్‌లు దాదాపు ఒకే సంగతిని చెప్తున్నాయేమో చూడండి. మొత్తం మేత, చివరి బయోమాస్ రెండూ కలిపి పెట్టేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది.

## దశ 4: ఇంకో దారిలో వెళ్లి సరిచూసుకోండి

అన్ని కాలమ్‌లనూ ముందే z-స్కోర్లుగా మార్చి, అంటే సగటు తీసేసి ఎస్‌డీతో భాగించి, మళ్లీ రిగ్రెషన్ వేయండి.

```r
z <- as.data.frame(scale(mf))
mz <- lm(digubadi ~ pilla + DO, data = z)
summary(mz)
```

నాలుగు సంగతులు కలవాలి. గుణకాలు 1.003, 0.602 రావాలి. ఇంటర్‌సెప్ట్ సున్నా కావాలి (తెరమీద `1e-17` లాంటిది కనిపిస్తే అది సున్నాయే). R² మళ్లీ 0.765 ఉండాలి. t విలువలు మొదటి మోడల్‌లో ఉన్నవే, పిల్లకు 4.01, డీవోకు 2.40, ఉండాలి. కొలతబద్ద మార్చినంత మాత్రాన ఆధారం బలపడదు, బలహీనపడదు. t మారిందంటే మీరు వేరే వరుసల్నో వేరే మోడల్‌నో వేశారు.

విడివిడి కోరిలేషన్లు చూసి బీటాను సరిచూడాలనుకోవద్దు. మన పట్టికలో దిగుబడికి, డీవోకు మధ్య కోరిలేషన్ 0.10 మాత్రమే. అది చూసి "డీవోకు సంబంధం లేదు" అని మోడల్‌లోంచి తీసేసేవాళ్లు ఉన్నారు. నిజానికి ఎక్కువ దిగుబడి ఇచ్చే ఒత్తు చెరువుల్లోనే డీవో తక్కువ. పిల్ల ప్రభావం డీవో ప్రభావాన్ని కప్పేసింది. రెండూ మోడల్‌లో ఉంటేనే డీవో బయటపడుతుంది.

## దశ 5: తేడా నిలబడుతుందా చూడండి

1.00 పెద్దది, 0.60 చిన్నది. ఇక్కడితో ఆపి "పిల్లే ప్రధానం" అని రాసేస్తారు. ఆగండి. ఉన్నవి 8 చెరువులు. రెండు బీటాల మధ్య తేడాకే ఒక స్టాండర్డ్ ఎర్రర్ ఉంటుంది.

```r
b <- coef(mz); V <- vcov(mz)
teda <- b["pilla"] - b["DO"]
se <- sqrt(V["pilla","pilla"] + V["DO","DO"]
           - 2*V["pilla","DO"])
teda + c(-1,1) * qt(0.975, df.residual(mz)) * se
```

తేడా 0.40, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.25. 95 శాతం అవధి −0.24 నుంచి 1.04 దాకా. మధ్యలో సున్నా ఉంది. అంటే ఈ 8 చెరువుల మీద పిల్ల డీవోను మించిందని చెప్పడానికి లేదు. "పిల్లకు నక్షత్రం పడింది, డీవోకు పడలేదు, కాబట్టి పిల్ల ముఖ్యం" అనే వాదన కూడా ఇక్కడే కూలుతుంది. ఒకటి గీత దాటడం, ఇంకోటి దాటకపోవడం వేరు. రెండింటి మధ్య తేడా గీత దాటడం వేరు.

ఒక జాగ్రత్త. బీటాల్లో ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్ అయితే పోల్చాల్సింది సైను తీసేసిన సైజుల్ని. అప్పుడు తీసివేతకు బదులు కూడిక వస్తుంది, `se` లో −2 కూడా +2 అవుతుంది. ఈ లెక్క ఎస్‌డీలకు ఊగిసలాట లేదని అనుకుంటుంది కాబట్టి ఉజ్జాయింపే. వందకు పైగా వరుసలుంటే బూట్‌స్ట్రాప్ చేసుకోవడం మేలు. అప్పుడు ప్రతి శాంపిల్‌లోనూ ఎస్‌డీలు కొత్తగా తీయాలి, లేకపోతే చేసిన పనికి అర్థం ఉండదు.

## దశ 6: మోడల్ దేన్ని కదలకుండా పట్టుకుందో అడగండి

దీన్ని ఎవరూ అడగరు. చెరువు గట్టు మీద మాత్రం మొదట వచ్చే ప్రశ్న ఇదే.

పిల్ల గుణకం 0.06 అంటే "డీవో మారకుండా" ఒక పిల్ల ఎక్కువ వేస్తే వచ్చేది. కానీ పిల్ల ఎక్కువ వేస్తే డీవో తగ్గుతుంది కదా. మన పట్టికలో పిల్ల ఒకటి పెరిగినచోట డీవో సగటున 0.03 తక్కువ. ఆ 0.03 వల్ల పోయే దిగుబడి 0.60 × 0.03 = 0.018. కాబట్టి చేతికి మిగిలేది 0.06 − 0.018 = 0.042. డీవోను తీసేసి పిల్ల ఒక్కదానితో రిగ్రెషన్ వేయండి, సరిగ్గా 0.042 వస్తుంది. బీటా 1.00 నుంచి 0.70 కి దిగుతుంది.

రెండూ సరైన అంకెలే, రెండు వేర్వేరు ప్రశ్నలకు. ఏరేటర్లు పెంచుకుని డీవో పడిపోకుండా చూసుకునే రైతుకు 0.06. ఏరేటర్లు ఉన్నన్నే ఉంచి పిల్ల మాత్రం పెంచే రైతుకు 0.042. మొదటి ఆయనకు కరెంటు బిల్లు పెరుగుతుంది, ఆ ఖర్చు ఈ మోడల్‌లో లేదు. మీ రిపోర్టులో ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నారో ఒక వాక్యం చేర్చండి. ఒక కారకం ఇంకో కారకానికి కారణమయ్యేచోట బీటాల్ని ఊరికే వరుసగా పేర్చి "మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు" అంటే ఈ సంగతి మాయమైపోతుంది.

## దశ 7: అవును-కాదు కాలమ్‌లు, స్క్వేర్ చేసిన కాలమ్‌లు ఉంటే

రాత్రి ఏరేటర్ వేశారా లేదా (1/0) అనే కాలమ్ ఉందనుకోండి. ఏరేటర్ "ఒక ఎస్‌డీ పెరగడం" అంటే ఏమిటి? ఏమీ లేదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. పైగా ఆ ఎస్‌డీ ఎంతమందికి ఏరేటర్ ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. సగం మందికి ఉంటే 0.5, పదిమందిలో ఒకరికే ఉంటే 0.3. అదే ఏరేటర్, అదే మేలు, కానీ అరుదైన ఊళ్లో బీటా చిక్కిపోతుంది.

2008లో గణాంక శాస్త్రవేత్త ఆండ్రూ గెల్మాన్ దీనికి ఒక తేలిక దారి సూచించాడు: కొలత కాలమ్‌లను ఒక ఎస్‌డీతో కాకుండా రెండు ఎస్‌డీలతో భాగించండి, 0/1 కాలమ్‌ను అలాగే వదిలేయండి. సగం-సగం ఉన్న 0/1 కాలమ్‌లో 0 నుంచి 1 కి వెళ్లడమంటే రెండు ఎస్‌డీలు కదలడమే కాబట్టి రెండూ ఒక బద్ద మీదకు వస్తాయి. దిగుబడిని మార్చాల్సిన పని లేదు, టన్నుల్లోనే ఉంచండి. మన లెక్కలో పిల్ల 20 పెరిగితే 1.20 టన్ను, డీవో 1.2 పెరిగితే 0.72 టన్ను. పక్కనే ఏరేటర్ గుణకం టన్నుల్లో. చదివే రైతుకు కూడా అర్థమవుతుంది. నాకు ఈ పద్ధతే ఇష్టం.

సెలైనిటీలాంటి వాటికి వర్గం, అంటే దాన్ని దానితోనే గుణించిన కాలమ్, కూడా పెడతాం. మన తీరంలో ఎండాకాలం ఉప్పు పెరుగుతుంది, ఈశాన్య రుతుపవనం వానలకు తగ్గుతుంది. రొయ్యకు మరీ తక్కువా, మరీ ఎక్కువా రెండూ ఇబ్బందే. అలాంటప్పుడు ముందు z-స్కోరు చేసి, తర్వాత దాన్ని వర్గం చేయండి. వర్గం చేసిన కాలమ్‌ను z-స్కోరు చేయకూడదు. రెండు కారకాల్ని గుణించి పెట్టే కాలమ్‌కూ ఇదే నియమం. ఎస్‌పీఎస్‌ఎస్ ఇచ్చే `Beta` కాలమ్ ఈ తేడా చూడదు, గుణించిన కాలమ్‌ను కూడా మామూలు కాలమ్‌లాగే ఎస్‌డీతో కొట్టేస్తుంది. గుణించిన కాలమ్‌లు, వర్గాలు ఉన్న మోడల్‌లో ఆ `Beta` కాలమ్ వాడొద్దు. సరిగ్గా చేసినా సెలైనిటీకి, దాని వర్గానికి విడివిడిగా ర్యాంకులు ఇవ్వకండి. రెండూ కలిస్తేనే ఒక గీత.

## ఒక ఊరి బీటాను ఇంకో ఊరికి పట్టుకెళ్లొద్దు

నాకు వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ తప్పు ఇక్కడే. విడవలూరు వైపు చెరువులకు ఒక మోడల్, కొత్తపట్నం వైపు చెరువులకు ఒక మోడల్ వేసి, "అక్కడ పిల్ల ముఖ్యం, ఇక్కడ డీవో ముఖ్యం" అని రాస్తారు.

ఒక ఊరిని ఊహించుకోండి. అక్కడ కూడా పిల్ల గుణకం 0.06, డీవో గుణకం 0.60. రొయ్య స్వభావంలో వెంట్రుకవాసి తేడా లేదు. కాకపోతే అందరూ ఒకే సలహాదారు మాట విని పిల్ల 41 నుంచి 49 మధ్యే వేశారు. పిల్ల ఎస్‌డీ 10 కాదు, 2. డీవో ఎస్‌డీ మాత్రం 0.6. పిల్లకు, డీవోకు మధ్య అక్కడ సంబంధం లేదనుకుందాం, మిగతా ఊగిసలాట మన పట్టికలో ఉన్నంతే ఉందనుకుందాం. లెక్క వేస్తే దిగుబడి ఎస్‌డీ సుమారు 0.48 అవుతుంది. పిల్ల బీటా 0.06 × 2 ÷ 0.48 = 0.25, డీవో బీటా 0.60 × 0.6 ÷ 0.48 = 0.75.

ర్యాంకులు తిరగబడ్డాయి. కారణం రొయ్యలో లేదు, నీటిలో లేదు. అందరూ ఒకేలా పిల్ల వేయడం వల్ల పిల్లకు తన ప్రభావం చూపించే చోటు దొరకలేదు, అంతే. బీటా చెప్పేది "ఈ చెరువుల మధ్య దిగుబడి తేడాల్లో పిల్ల తేడాల వాటా ఎంత పెద్దది" అనేదానికి దగ్గరైన మాట. "పిల్ల పెంచితే ఎంత లాభం" అనేదానికి జవాబు అసలు గుణకమే. రెండు ఊళ్లను, రెండు పంటలను, రెండు ఏళ్లను పోల్చాలంటే యూనిట్లున్న అసలు గుణకాల్ని పోల్చండి. బీటా ఒకే మోడల్ లోపల కారకాల్ని పోల్చడానికి మాత్రమే.

ఇలా చిక్కిపోయిన ఎస్‌డీని పట్టుకోవడానికి ప్రతి కాలమ్ కనిష్ఠం, గరిష్ఠం, ఎస్‌డీ బీటా పట్టిక పక్కనే వేయండి. వేరే ఖర్చేమీ లేదు. చదివేవాళ్లకు ఎక్కడ మోసం జరిగిందో వెంటనే కనిపిస్తుంది.

## బీటా వద్దనుకుంటే

ఉలవపాడు వైపు చెరువులు లీజుకు చేసే ఒకాయనకు ఒకసారి ఈ బీటాలన్నీ ఓపిగ్గా వివరించాను. అంతా విని, "అదంతా ఎందుకు సార్, ఈ పంటకు పిల్ల ఇంకాస్త వేసేదా, ఏరేటర్ ఇంకోటి పెట్టేదా, ఒక మాట చెప్పండి" అన్నాడు. ఆయనదే సరైన ప్రశ్న.

అలాంటివాళ్లకు ఎస్‌డీ పక్కన పెట్టి, చేయగలిగిన మార్పు తీసుకోండి. చదరపు మీటరుకు 5 పిల్ల అదనం: 0.06 × 5 = 0.30 టన్ను, అదీ డీవో పడిపోకుండా చూసుకుంటే. డీవో అర మిల్లీగ్రాము అదనం: 0.60 × 0.5 = 0.30 టన్ను. రెండూ సమానం. ఇక 5 పిల్ల ఖరీదెంత, అర మిల్లీగ్రాము డీవోకు అయ్యే కరెంటు, డీజిల్ ఎంత అన్నదే తేల్చాలి, అది ఆయన నోటి లెక్కలోనే ఉంటుంది. "చేయగలిగిన మార్పు" ఎంతో మీరు నిర్ణయించకండి, చెరువు చేసేవాళ్లనే అడగండి.

మీ అసలు ప్రశ్న "R² లో ఎవరి వాటా ఎంత" అన్నదైతే, కారకాలు ముడిపడి ఉన్నప్పుడు బీటా దాన్ని చెప్పలేదు. ఆర్ లో `relaimpo` ప్యాకేజీ ఉంది, `calc.relimp(m, type = "lmg")` అని అడిగితే కారకాలను అన్ని వరుసల్లోనూ చేర్చి సగటు వాటా ఇస్తుంది. కారకాలు పదిహేను, ఇరవై ఉంటే లెక్క బాగా నెమ్మదిస్తుంది.

## రిపోర్టులో వాక్యం ఎలా ఉండాలి

విద్యార్థులు చివర్లో అడిగేది ఇదే కాబట్టి ఒక నమూనా ఇస్తున్నా, అంకెలు మీవి పెట్టుకోండి:

"8 చెరువుల్లో, డీవో స్థిరంగా ఉంచితే, పిల్ల సాంద్రత ఒక ఎస్‌డీ (చ.మీ.కి 10) పెరిగినప్పుడు దిగుబడి 1.00 ఎస్‌డీ (0.60 టన్ను/ఎకరా) పెరిగింది. పిల్ల స్థిరంగా ఉంచితే, ఉదయం డీవో ఒక ఎస్‌డీ (0.6 మి.గ్రా./లీ.) పెరిగినప్పుడు దిగుబడి 0.60 ఎస్‌డీ (0.36 టన్ను/ఎకరా) పెరిగింది. రెండు బీటాల తేడా 0.40 (95 శాతం అవధి −0.24 నుంచి 1.04), ఈ డేటాతో ఏది ఎక్కువ ప్రభావం చూపిందో తేల్చలేము. పిల్ల 30–60, డీవో 3.7–5.4 పరిధి దాటిన చెరువులకు ఈ పోలిక వర్తించదు."